జీరో బ్యాలెన్స్ ఖాతా కావాలంటే నోరు తెరిచి అడగాలి

ఖాతాలో డబ్బు లేదని, ఉన్న కాస్త డబ్బూ కోసేసే పద్ధతి అంటే నాకు ఒళ్లు మంట. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేశాడు. జీతం పడే ఖాతాకి మినిమం బ్యాలెన్స్ ఉండదు కదా అని ధీమాగా ఉన్నాడు. కానీ చాలా బ్యాంకుల్లో వరసగా మూడు నెలలు జీతం పడకపోతే అది మామూలు సేవింగ్స్ ఖాతాగా మారిపోతుంది. కోత మొదలయ్యేది అప్పుడే.

పైగా చూసేది నెలాఖరు బ్యాలెన్స్ కాదు, నెల సగటు. ఉదాహరణకి 10,000 ఉండాల్సిన ఖాతాలో 15 రోజులు 10,000, మిగతా 15 రోజులు 2,000 ఉన్నాయనుకోండి. సగటు 6,000, తగ్గింది 4,000. బ్యాంకు దాని మీద 6 శాతం వేస్తే 240, జీఎస్టీతో కలిపి 283 రూపాయల 20 పైసలు. చివరి రోజున హడావిడిగా పదివేలు వేసినా సగటు పెద్దగా కదలదు.

దీనికి మందు ఉంది. పేరు బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ ఖాతా. రిజర్వ్ బ్యాంకు 2012లోనే అన్ని బ్యాంకులూ ఇది ఇవ్వాలని చెప్పింది. మినిమం బ్యాలెన్స్ లేదు, ఏటీఎం కార్డు ఉచితం, ఏటీఎంతో కలిపి నెలకి కనీసం 4 సార్లు డబ్బు ఉచితంగా తీసుకోవచ్చు. పేదవాళ్లకే అని కౌంటర్‌లో ఎవరైనా అంటే నమ్మకండి, ఎవరైనా తెరవచ్చు. కేవైసీ పూర్తిగా ఇవ్వండి. లేకపోతే బ్యాలెన్స్ 50,000 దాటకూడదు లాంటి పరిమితులు తగిలిస్తారు. ఒక్క షరతు మాత్రం గుర్తుంచుకోండి: అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, ఉంటే 30 రోజుల్లో మూసేయాలి. నెలలో పదిసార్లు నగదు తీసేవాళ్లకి ఇది సరిపోదు. వాళ్లు స్టేట్ బ్యాంక్ లాగా మామూలు సేవింగ్స్‌కి కూడా ఈ జరిమానా ఎత్తేసిన బ్యాంకు చూసుకోవడం మేలు. స్టేట్ బ్యాంక్ 2020లోనే ఎత్తేసింది.

మామూలు ఖాతా అయితే ఏటీఎం దగ్గర కూడా కన్నేసి ఉంచాలి. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకి 5 సార్లు ఉచితం. వేరే బ్యాంకుదైతే హైదరాబాద్ లాంటి మెట్రోలో 3, విజయవాడ, వరంగల్ లాంటి ఊళ్లలో 5. ఆ పైన ఒక్కోసారికి 23 రూపాయల దాకా, దాని మీద జీఎస్టీ. బ్యాలెన్స్ చూసుకున్నా లెక్కలోకే వస్తుంది. అది ఫోన్లో చూసుకోండి, ఏటీఎం దాకా ఎందుకు!

ఇప్పటికే కోత పడిందా? బ్యాలెన్స్ తగ్గిందని ముందు మెసేజ్‌తోనో, మెయిల్‌తోనో చెప్పి, నెల రోజులు గడువు ఇచ్చాకే జరిమానా వేయాలన్నది 2015 నుంచి ఉన్న నిబంధన. జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు కూడా. మావాడికి ఆ మెసేజే రాలేదు. బ్రాంచిలో రాతపూర్వకంగా అడిగి, రశీదు తీసుకున్నాం. 30 రోజుల్లో తేల్చకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.