తొమ్మిదేళ్ల పిల్లకు 528 కేలరీలు చాలవు

"శరీరానికి గంటకు కేజీకి ఒక కేలరీ చాలు, పిల్లలకైనా పెద్దలకైనా. వయసుకో లెక్క అనేది చాదస్తం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, 22 కేజీలు. 22 × 24 = 528. బడిలో 450 కేలరీల భోజనం పెడుతున్నారు, రాత్రి గ్లాసు పాలిస్తే సరిపోతుంది. అంతకు మించి పెడితే కొవ్వే."

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు గ్రూపుల్లో ఇది చేతులు మారుతోంది. దీన్ని నమ్మి ఎవరైనా పిల్ల కంచంలో అన్నం తగ్గిస్తారేమోనని నిజంగా భయంగా ఉంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

మొదట ఆ 24 సంగతి. పెద్దవాళ్ల విషయంలో అది మరీ తప్పు కాదు. 60 కేజీల పాతికేళ్ల స్త్రీకి ఆ లెక్కన 1440 వస్తుంది, వయసును, బరువును బట్టి విశ్రాంతిలో ఒంటికి అయ్యే ఖర్చును అంచనా వేసే స్కోఫీల్డ్ సమీకరణంతో 1376 వస్తుంది. దగ్గర దగ్గరే కాబట్టే జనం నమ్ముతారు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి తేడా కొడుతుంది. 1985లో వచ్చిన స్కోఫీల్డ్ సమీకరణాల్లో మూడేళ్లలోపు, 3 నుంచి 10, 10 నుంచి 18 అని పిల్లలకు మూడు వయసు గుంపులు ఉన్నాయి. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు అంకెలు. మన అమ్మాయి రెండో గుంపులోకి వస్తుంది:

```
20.315 × బరువు + 485.9
20.315 × 22 = 446.9
446.9 + 485.9 = 932.8
```

అంటే రోజుకు సుమారు 933 కేలరీలు, కేజీకి 42. చివర కలిపిన 485.9 బరువుతో పాటు పెరగదు, తరగదు. అందుకే పిల్ల ఎంత చిన్నదైతే కేజీకి పడే వాటా అంత ఎక్కువ. దీనికి కారణం ఒంట్లోనే ఉంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఎక్కువ శక్తిని ఖర్చు చేసేవి మెదడు, కాలేయం, గుండె, మూత్రపిండాలు. పిల్లల బరువులో వీటి వాటా పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువ. తొమ్మిదేళ్లకే మెదడు దాదాపు పూర్తి పరిమాణానికి చేరుతుంది, ఒళ్లు మాత్రం ఇంకా 22 కేజీలే.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఈ 933 కూడా తినాల్సిన తిండి లెక్క కాదు. ఖాళీ కడుపుతో, మెలకువగా, కదలకుండా పడుకున్నప్పుడు ఊపిరికి, గుండెకు, ఒంటి వేడికి అయ్యే ఖర్చు మాత్రమే అది. నడక, ఆట, తిన్నది అరగడం అన్నీ దాని మీద అదనం. ఆడపిల్లల రోజు మొత్తం ఖర్చుకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ 2004 నివేదికలో వేరే సమీకరణం ఉంది:

```
263.4 + 65.3 × బరువు − 0.454 × బరువు × బరువు
263.4 + 1436.6 − 219.7 = 1480.3
```

మామూలుగా ఆడుకునే పిల్లకు 1480, దాని మీద ఎదుగుదలకు మరికొంచెం. బడి భోజనం ఇందులో మూడో వంతు కూడా కాదు. మిగిలిన వెయ్యి ఇంట్లో పెట్టాలి. అంటే రోజు మొత్తానికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, అంబలికి 50 గ్రాముల రాగిపిండి, ఒక గుడ్డు, మూడు చెంచాల నూనె. కూరగాయలు దీనికి అదనం. ఇదేమీ విందు భోజనం కాదు, మన ఇళ్లలో ఉండే తిండే.

ఇక కొవ్వు మాట. తొమ్మిదేళ్ల ఆడపిల్లల మధ్యస్థ బరువు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో సుమారు 28 కేజీలు. 22 కేజీల పిల్ల అసలే తేలిక. బరువు తక్కువని సమీకరణం తక్కువ అంకె ఇస్తుంది. ఆ అంకె ఇప్పుడున్న ఒంటిని నడపడానికే. వెనకబడ్డ ఎదుగుదలను అందుకోవడానికి కావలసింది అందులో లేదు.

వయసు గుంపులు చాదస్తం కాదు గానీ, వాటి అంచులు గీత గీసినట్టు ఉండవన్న మాట నిజం. ఇదే పిల్లకు పదేళ్లు నిండిన మర్నాడు తర్వాతి గుంపు సమీకరణం (13.384 × బరువు + 692.6) వాడితే 987 వస్తుంది. రాత్రికి రాత్రి 54 పెరిగినట్టు కనిపిస్తుంది, ఒంట్లో ఏమీ మారకపోయినా. రెండు సమీకరణాలూ ఒకే అంకె ఇచ్చేది సుమారు 30 కేజీల దగ్గర. ఆ బరువున్న పిల్లకు పుట్టినరోజున ఈ గంతు కనిపించదు, సన్నటి పిల్లకు అంకె పెరిగినట్టు, అంతకంటే బరువున్న పిల్లకు తగ్గినట్టు కనిపిస్తుంది. కాబట్టి పదేళ్లకు అటూ ఇటూ ఉన్న పిల్లకు రెండు లెక్కలూ వేసి చూడాలి.

స్కోఫీల్డ్ లెక్కకు హద్దులూ ఉన్నాయి. ఈ గుంపు ఆడపిల్లల్లో అంచనా 70 కేలరీలు అటూ ఇటూ కావడం మామూలే. పైగా ఆయన సేకరించిన కొలతల్లో దాదాపు సగం ఇటలీవాళ్లవి, ఉష్ణదేశాల వాళ్లకు ఇవి కాస్త ఎక్కువ చూపుతాయని తర్వాత తేలింది. పదో వంతు తగ్గించినా 840 వస్తుంది, 528 రాదు.

ఇంట్లో పెడుతున్నది సరిపోతోందా లేదా అన్నది పిల్ల బరువే చెబుతుంది. ఈ వయసులో ఏడాదికి రెండు మూడు కేజీలు పెరగాలి. మూడు నెలలకోసారి ఒకే కాటా మీద, ఒకే రకం బట్టలతో తూచి రాసి పెట్టుకోండి. వరసగా రెండుసార్లు ముల్లు కదలకపోతే ఆ కాగితం తీసుకుని పిల్లల డాక్టరుకు చూపించండి.