కాళ్ళాగజ్జాలో మందుల చీటీ లేదు

"కాళ్ళాగజ్జా కంకాళమ్మ పిల్లల పాట కాదు, పూర్వీకులు దాచిన వైద్యం! కాళ్ళకు గజ్జి వస్తే కంకోలం ఆకు నూరి పూయాలి. దానితో కాకపోతే వెలగ మొగ్గ, అదీ కాకపోతే మోదుగ, తర్వాత నిమ్మ, వావిలి, గుమ్మడి, మిరియాలు, చివరికి మంచిగంధం. ఏదీ పనిచేయకపోతే కాలు తీసేయమని! అందరికీ పంపండి."

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఇది ఏడాదికి రెండుసార్లయినా వస్తుంది. మా ఇంట్లో పాడుకునే పాఠం ముందు పెడతాను. ఊరిని బట్టి ఒకటి రెండు మాటలు మారతాయి.

కాళ్ళా గజ్జా కంకాళమ్మా
వేగుల చుక్కా వెలగా మొగ్గా
మొగ్గా కాదూ మోదుగ నీడా
నీడా కాదూ నిమ్మల బావీ
బావీ కాదూ వావింటి కూరా
కూరా కాదూ గుమ్మడి మీసం
మీసం కాదూ మిరియాల పోతూ
పోతూ కాదూ బొమ్మల శెట్టీ
శెట్టీ కాదూ శామా మన్నూ
మన్నూ కాదూ మంచీ గంధం చెక్క

మొదట 'కాదు' సంగతి. మందు పనిచేయకపోతే తెలుగులో ఎవరూ "మొగ్గ కాదు" అనరు. "తగ్గకపోతే" అంటారు, లేదా "దానితో కాకపోతే" అంటారు. మెసేజ్ రాసినాయన కూడా అలాగే రాశాడు చూడండి. పాటలో ఉన్నది "నువ్వు అనుకున్నది అది కాదు, ఇది" అనే కాదు. మొగ్గ అనుకున్నావా, కాదు, మోదుగ నీడ. చిన్నపిల్లలను ఉడికించడానికి మనం రోజూ వాడేదే.

రెండోది, ఆ వస్తువులు. మోదుగ నీడను ఎలా నూరుతారు? బొమ్మల శెట్టిని ఏ కాలికి పూస్తారు? మెసేజ్ నీడను మోదుగగా, బావిని నిమ్మగా మార్చేసి, శెట్టి దగ్గరకు వచ్చేసరికి నోరు మెదపకుండా దాటేసింది. గుమ్మడికి మీసం ఏమిటి, మిరియాల పోతు ఏ జంతువు అని అడిగితే పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ మాటలు అక్కడ ఉన్నది అందుకే.

మరి ఆ మాటలే ఎందుకు వచ్చాయి? దీనికి జవాబు చెవిలోనే ఉంది. 'కాదూ'కు ముందున్న మాటనూ తర్వాతి మాటనూ పక్కపక్కన పెట్టి పలకండి: మొగ్గా–మోదుగ, నీడా–నిమ్మల, బావీ–వావింటి, కూరా–గుమ్మడి, మీసం–మిరియాల, పోతూ–బొమ్మల, మన్నూ–మంచి. పద్యాలు రాసేవాళ్ళు దీన్ని యతి మైత్రి అంటారు. బ–వ, క–గ, ప–బ ఆ లెక్కలో చుట్టాలే. శెట్టీ–శామా దగ్గర మాత్రం హల్లు కలిసినా అచ్చు కలవదు. అంటే నీడ తర్వాత నిమ్మ వచ్చింది గజ్జి తగ్గక కాదు, 'నీ'కి 'ని' కావాల్సి వచ్చి. పాదం చివరి మాటతో తర్వాతి పాదం మొదలవడం ముక్తపదగ్రస్తం. నాలుగేళ్ళ పిల్ల కూడా పాట మరచిపోకుండా కాపాడేది ఈ గొలుసే. దానికి తోడు దాదాపు ప్రతి మాటా పలకడానికి నాలుగు మాత్రల కాలం, పాదానికి నాలుగు దెబ్బలు. వావింటి, మిరియాల దగ్గర ఒక్కో మాత్ర ఎక్కువైతే నోరే దాన్ని మింగేస్తుంది.

'గజ్జా' అంటే గజ్జి అనే పట్టుబట్టేవాళ్ళున్నారు. సాగదీస్తే గజ్జె అయినా గజ్జి అయినా 'గజ్జా' కావచ్చు, కాబట్టి ఆ ఒక్క మాటతో ఏదీ తేలదు. కాళ్ళు చాపుకుని ఆడే ఆటలో కాళ్ళ పక్కన గజ్జెలు ఉండటమే నాకు సహజంగా కనిపిస్తుంది.

ఇక కాలు తీయడం. "కాలు తీసి కడగా పెట్టు" అని కొన్ని ఇళ్ళలో చివర్లో కలుపుతారు. కడ అంటే పక్క. చాపిన కాలు మడిచి పక్కన పెట్టుకోమని, అంతే. ముగ్గురు పిల్లలు, ఆరు కాళ్ళు అనుకోండి. ఒక్కో దెబ్బకు ఒక్కో కాలు తాకుతూ పోతే పాటలోని పది పాదాలకు 40 దెబ్బలు, చివరి 'చెక్క'తో 41. ఆరు విడతలు తిరిగాక మిగిలిన అయిదో దెబ్బ మూడో పిల్ల మొదటి కాలి మీద పడుతుంది. అది మడిచాక దాని పక్క కాలి నుంచి మళ్ళీ మొదలుపెడితే, అయిదు కాళ్ళలో 41వ దెబ్బ మొదలుపెట్టిన ఆ కాలి మీదే. పాపం, రెండుసార్లలోనే ఆ పిల్ల రెండు కాళ్ళూ మడిచేస్తుంది, "దొంగాట" అని ఏడుపు కూడా ఖాయం. ఆట కావాలంటే ఎప్పుడూ ఒకేచోట ఆగే పాట ఉండాలి. చివరి పాదంలో గొలుసు తెగి, 'చెక్క' అని టక్కున ఆగేది ఇందుకే.

మెసేజ్ చెప్పిన చెట్లకు ఇంటి వైద్యంలో వాడుక ఉన్న మాట నిజం. బాలింతకు వావిలాకు నీళ్ళు కాచడం మా అమ్మమ్మకూ తెలుసు. కానీ పల్లెలో చుట్టూ ఉన్న ఏ చెట్టు పేరు తీసినా ఏదో ఒక వాడుక దొరుకుతుంది.

ఇదంతా సరదాగా వదిలేద్దును, కానీ ఈ మధ్య ఒకావిడ ఆ మెసేజ్ చూసి మనవడి కాలికి నిమ్మరసం రాసింది. గజ్జి చర్మంలోకి దూరే సూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది. డాక్టరు ఇచ్చే పెర్మెథ్రిన్ లాంటి మందు ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. గోకిన చర్మం మీద నిమ్మరసం మండుతుంది, ఎండ తగిలితే బొబ్బలు కూడా రావచ్చు.