పన్ను పడుతుందని పట్టుకుని కూర్చున్న ఫండ్

"నా మ్యూచువల్ ఫండ్ మేనేజర్ మారాడు, ఫండ్ వెనకబడింది, నిజమే. కానీ ఇప్పుడు అమ్మితే ట్యాక్స్ పడుతుంది కదండీ!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎంత పడుతుందో లెక్కేసి చెప్పినవాళ్లు మాత్రం ఒక్కరూ కనపడరు.

సరే, లెక్క వేద్దాం. 100 పెట్టారు, 160 అయింది. లాభం మీద పన్ను 15 శాతం అనుకుందాం, మీకు వర్తించే రేటు మీరు వేసుకోండి. ఇవాళ అమ్మితే 9 పన్నుకు పోయి 151 మిగులుతుంది. గుండె గుభేలుమంటుంది, కాదనను. కానీ ఇవాళ అమ్మకపోయినంత మాత్రాన ఆ పన్ను తప్పిపోదు, ఎప్పుడో అమ్మిన రోజున కట్టాల్సిందే. ముందే కట్టడం వల్ల నిజంగా నష్టపోయేది, ఆ 9 ఇంకొన్నేళ్లు మన దగ్గరే ఉండి తెచ్చిపెట్టే రాబడి మాత్రమే.

పాత ఫండ్ ఏటా 10 శాతం ఇస్తుందనుకుని, పదేళ్ల తర్వాత రెండు వైపులా చివరి పన్ను కూడా తీసేసి చూడండి. కొత్త ఫండ్ ఏటా దాదాపు 10.4 శాతం ఇస్తే లెక్క సరిపోతుంది. మూడేళ్లకే చూసినా 10.5 కొంచెం దాటితే చాలు. అంటే మనల్ని ఏళ్ల తరబడి కట్టిపడేస్తున్న అడ్డుగోడ ఎత్తు ఏడాదికి అర శాతం! కొన్నిసార్లు రెండు ఫండ్ల ఖర్చుల మధ్య తేడాయే అంత ఉంటుంది.

ఎగ్జిట్ లోడ్, అంటే గడువుకు ముందే అమ్మితే ఫండ్ హౌస్ కోసుకునే రుసుము, దాని సంగతి వేరు. అది పోతే పోయినట్టే, తర్వాతైనా కట్టాల్సిందే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. ఇంకో రెండు నెలల్లో లోడ్ గడువు తీరిపోతుంటే, లేదా పన్ను రేటు తగ్గే తేదీ దగ్గర్లో ఉంటే, ఆగండి. అది బద్ధకం కాదు, లెక్క.

కాబట్టి అమ్మడానికి ఖర్చు ఎంత అన్నది అసలు ప్రశ్న కాదు. మీరు కొన్న ఫండ్ ఇంకా ఉందా, లేక అదే పేరుతో మరొకటి నడుస్తోందా? అమెరికాలోని ఫిడెలిటీ మాజెల్లన్ ఫండ్ చూడండి. దానికి పేరు తెచ్చిన మేనేజర్ పీటర్ లించ్ 1990లో దిగిపోయాడు. తర్వాత వచ్చినవాళ్లలో జెఫ్రీ వినిక్ 1996 మొదటికల్లా దాదాపు ఐదో వంతు సొమ్మును బాండ్లలోకి మళ్లించాడు. షేర్ల ఫండ్ అని కొన్నవాళ్ల డబ్బది. షేర్లు పెరుగుతూ పోయాయి, ఫండ్ వెనకబడింది, 1996 మధ్యలో ఆయన వెళ్లిపోయాడు. వినిక్ తెలివితక్కువవాడేం కాదు, తర్వాత సొంత హెడ్జ్ ఫండ్ పెట్టి బాగానే సంపాదించాడు. కానీ బాండ్లు కావాలనుకున్నవాడు బాండ్ ఫండే కొనుక్కునేవాడు కదా!

కనిపెట్టడం కష్టమేం కాదు. పాత మేనేజర్ వెళ్లేముందు నెల పోర్ట్‌ఫోలియో, ఏడాది తర్వాతి పోర్ట్‌ఫోలియో పక్కపక్కన పెట్టండి. రెండింట్లోనూ ఉన్న కంపెనీలు ఇప్పుడు ఎంత శాతం? నగదు ఎంత? పెద్ద, మధ్య, చిన్న కంపెనీల వాటాలు ఎలా మారాయి? కొత్తగా వచ్చినవాడు మొదటి కొన్ని నెలలు ఇల్లు దులపడం మామూలే, అప్పుడే కంగారు పడక్కర్లేదు. ఏడాది తర్వాత కూడా పాతవాటిలో మూడో వంతు మిగలకపోతే, చవక షేర్ల ఫండ్ కాస్తా ఖరీదైన షేర్లతో నిండిపోతే, నా దృష్టిలో అది వేరే ఫండే.

ఒక్క జాగ్రత్త. మధ్యతరహా కంపెనీ పెరిగి పెద్దదైతే అంకెల్లో శైలి మారినట్టే కనపడుతుంది, మేనేజర్ ఒక్క షేరూ కదపకపోయినా. అలాగే చవక షేర్లు కొనే వాల్యూ ఫండ్ వెనకబడిందని అమ్మేముందు, ఆ తరహా షేర్ల సగటు చూపే వాల్యూ ఇండెక్స్ వైపు ఒకసారి చూడండి. అదీ అంతే వెనకబడి ఉంటే తప్పు మేనేజర్‌ది కాదు, ఆ శైలికి కాలం కలిసిరాలేదంతే. సొంత శైలి ఇండెక్స్ కంటే కూడా వెనకబడి, పైగా పోర్ట్‌ఫోలియో కూడా మారిపోయి ఉంటే మాత్రం నేను ఆగను. (ఇండెక్స్ ఫండ్‌లో మేనేజర్ మారాడని బాధపడేవాళ్లకు దండం.)

అమ్మేటప్పుడు కూడా మొత్తం ఒక్క దెబ్బకు అవ్వాలని లేదు. కొత్త వాయిదాలు ఈ నెల నుంచే వేరే ఫండ్‌కి మళ్లించండి, దానికి పైసా ఖర్చు లేదు. నెలనెలా కట్టే సిప్‌లో ప్రతి వాయిదాకీ లోడ్ గడువు విడిగా నడుస్తుంది కాబట్టి, గడువు దాటిన యూనిట్లు ముందు తీసేయండి. మిగిలినవాటికి గడువు తేదీలు క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. అదే ఫండ్ హౌస్‌లో ఇంకో స్కీమ్‌కి 'స్విచ్' నొక్కే ముందు మాత్రం పన్ను నిబంధన చదవండి. చాలాచోట్ల అదీ అమ్మకం కిందే లెక్క.