ఎలా పోయాడో మీకెందుకండీ?

ఎంవీపీ కాలనీ రైతుబజార్లో వంకాయలు ఏరుతుంటే పక్కవీధి పిన్నిగారు పట్టుకున్నారు. "తమ్ముడు అసలెలా పోయాడమ్మా? గుండెపోటేనా, ఇంకేమైనానా?" నలుగురిలో అడిగే మాటేనా ఇది?

గుండెపోటని అబద్ధమాడితే ఏ ఆసుపత్రి, స్టెంట్ వేశారా అంటారు. అమ్మ ఇంకోలా చెబితే అదో రచ్చ. అందుకే ఇంట్లో అందరం ఒకే మాట అనుకున్నాం: "హఠాత్తుగా పోయాడండీ. మిగతాది మా ఇంట్లోనే ఉంచుకుంటున్నాం." మళ్లీ అడిగినా అదే, అక్షరం మార్చకుండా. ఒక్క కారణం కలిపితే దాని మీద ఇంకో ప్రశ్న. "జబ్బా?" అన్నా అవునూ అనం, కాదూ అనం. ఒకటి కాదంటే మిగిలినవి వాళ్లే లెక్కేస్తారు.

వాడెలాంటివాడో అడగండి, పొద్దుపోయేదాకా చెబుతాను. అది ఒక్కరూ అడగరే!