చాట్‌లో :wq పడిందంటే ఫైల్ సేవ్ అవ్వలేదనే

మొన్న నైట్ షిఫ్ట్‌లో, రుషికొండ కొండమీద మా ఆఫీసులో, టీమ్ గ్రూపులో ఒక జూనియర్ నుంచి "ok" అని వచ్చింది, దాని కిందే ఇంకోటి.

```
:wq
```

అందరూ నవ్వేశారు, "ఏటి తమ్ముడూ, నిద్దరొస్తోందేటి" అన్నాడొకడు, నేనూ నవ్వాను. నవ్వకుండా ఫోన్ చెయ్యాల్సింది. విమ్ ఎడిటర్‌లో సేవ్ చేసి బయటికి రావడానికి కొట్టే కమాండ్ అది, ఆ మూడక్షరాలు ఇక్కడ పడ్డాయంటే అక్కడ పడలేదన్నమాట. మనోడు సేవైపోయిందనుకుని వేరే టెర్మినల్‌లో సర్వీస్ రీస్టార్ట్ చేసి, ల్యాప్‌టాప్ మూసి టీకి వెళ్ళిపోయాడు, సర్వర్ పాత సెట్టింగులతోనే లేచింది, గంటసేపు మేం తలలు పట్టుకున్నాం.

మామూలు ఎడిటర్లలో ఈ గొడవ బయటపడదు. Ctrl+S చాట్ బాక్సులో నొక్కితే అక్షరమేం పడదు, మహా అయితే బ్రౌజర్ పేజీని సేవ్ చెయ్యమంటావా అని అడుగుతుంది. ఉత్త `v` ఒక్కటే వస్తే పేస్ట్ చెయ్యబోయాడు, Ctrl సరిగ్గా పడలేదని అనుకోవచ్చు. విమ్‌లో మాత్రం కమాండ్లే మామూలు అక్షరాలు, అందుకే `dd`, `:q!` లాంటివి చాట్‌లో తేలతాయి. `:q!` అయితే మార్పులు వద్దనుకున్నాడని, కానీ ఆ వద్దనుకున్నవి ఇంకా ఆ విండోలో తెరిచే ఉన్నాయని. `s/ఆది/సోమ/` అని వస్తే కంగారుపడక్కర్లేదు, అది పొరపాటు కాదు, పై మెసేజ్‌లో ఆదిని సోమగా చదువుకోమని.

మన దగ్గర ఇంకో తమాషా ఉంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఆన్‌లో ఉంటే `ls` కొట్టినా "తే" అని పడుతుంది, `:w` ఏమో "ఛై" అవుతుంది. ఎవరో తిట్టారనుకుంటాం, పాపం సేవ్ చేస్తున్నాడంతే.

ఇంతకీ ఆ ఫైల్ పోలేదు. విమ్ మనం టైప్ చేసేది పక్కన స్వాప్ ఫైల్‌లో రాసుకుంటూ ఉంటుంది, మామూలుగా 200 అక్షరాలకోసారి, లేదా 4 సెకన్లు ఏమీ కొట్టకపోతే. ఆ `app.conf` మళ్ళీ తెరవబోతే `E325: ATTENTION` అని ఆపింది, పక్కనే `.app.conf.swp` ఉంది, ఇలా తీశాం.

```
vim -r app.conf
```

మార్పులన్నీ ఉన్నాయి, మధ్యలో ఒక లైన్లో ఒంటరిగా `k` అని కూడా ఉంది. అది చూశాక కథంతా అర్థమైంది. చాట్‌లో అనుకుని "ok" ముందు విమ్‌లోనే కొట్టాడు, అక్కడ `o` అంటే కింద కొత్త లైను తెరవమని, ఆ లైన్లో `k` పడింది. గ్రూపులో ok కనపడకపోయేసరికి చాట్ బాక్సులో క్లిక్ చేసి మళ్ళీ కొట్టాడు, అక్కణ్ణుంచి వెనక్కి రాకుండానే `:wq` కొట్టేశాడు. మేం ఆ `k` లైను తీసేసి, సేవ్ చేసి, స్వాప్ ఫైల్ డిలీట్ చేసి, అప్పుడు రీస్టార్ట్ చేశాం.