రెండు రేసుల మధ్య మళ్లీ బేస్ అవసరమా?

ప్రశ్న: "ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్‌లో హాఫ్, జనవరి మూడో ఆదివారం ముంబైలో ఫుల్ మారథాన్. రెండూ నాకు ముఖ్యమే. హాఫ్ అయ్యాక, నిదానపు పరుగులతో ఓర్పు పెంచుకునే బేస్ దశ నుంచి మళ్లీ మొదలుపెట్టాలా?"

సీనియర్ రన్నర్: అవసరం లేదంటాను. ఫిబ్రవరి నుంచి మే దాకా బేస్, జూన్, జూలైలలో దూరం, తీవ్రత పెంచే బిల్డ్, ఆగస్టులో పీక్ పూర్తిచేసిన వారి పునాది వారం విశ్రాంతికి పోయేది కాదు. నేను హాఫ్ తర్వాత వారానికే, మధ్యమధ్య విరామాలతో వేగంగా పరుగెత్తే ఇంటర్వెల్స్ మొదలుపెట్టి, ముంబై పూర్తిచేశాను.

కోచ్: పునాది అంత త్వరగా పోదన్న మాట వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ పీక్‌లో వేగానికి ప్రాధాన్యమిచ్చి, టేపర్‌లో మైలేజీ తగ్గిస్తాం కాబట్టి, హాఫ్ నాటికి నిదానపు పరుగు అప్పటికే కొన్ని వారాలుగా తగ్గి ఉంటుంది. 21 కిలోమీటర్లకు సరిపోయిన ఓర్పు 42కు చాలుతుందని చెప్పలేం. ముంబైలో మీ చివరి కిలోమీటర్లు ఎలా సాగాయి?

సీనియర్ రన్నర్: పెడ్డర్ రోడ్ ఎక్కుడు దగ్గర వేగం పడిపోయింది. అక్కడ అందరికీ పడిపోతుంది కదండీ.

కోచ్: ఎక్కుడే కారణమైతే, అది దిగాక వేగం కొంతైనా తిరిగి రావాలి. దిగిన తర్వాత కూడా రాలేదంటే, లోపం ఓర్పులో ఉందేమో చూడాలి. అందుకే రెండు రేసుల మధ్యనున్న సుమారు 21 వారాలను నేనైతే ఇలా పంచుతాను: రెండు వారాలు కోలుకోవడానికి, ఐదు వారాలు బేస్‌కు, ఎనిమిది బిల్డ్‌కు, నాలుగు పీక్‌కు, చివరి రెండు టేపర్‌కు. మొదటి బేస్‌కు నాలుగు నెలలు పట్టింది; రెండోది ఐదు వారాల్లో ముగుస్తుంది, ఎందుకంటే మీరన్నట్టు పాత పునాది చాలావరకు నిలిచే ఉంటుంది.

సీనియర్ రన్నర్: ఆ ఐదు వారాలు వేగాన్ని పూర్తిగా వదిలేస్తే, బిల్డ్ మొదలయ్యేసరికి కాళ్లు మొద్దుబారవా?

కోచ్: పూర్తిగా వదలమని నేననను. వారానికి ఒకసారి, నిదానపు పరుగు చివర, పూర్తి విశ్రాంతినిస్తూ 20 సెకన్ల చురుకైన పరుగులు ఆరు చేస్తే చాలు. వాటివల్ల అలసట మిగలదు. ఇక బేస్ చాలిందో లేదో తెలుసుకోవాలంటే, 90 నిమిషాలు ఒకే నిదానపు వేగంతో పరుగెత్తి, రెండు సగాల సగటు గుండె వేగాలను పోల్చండి. రెండో సగంలో అది ఐదు శాతానికి మించి పెరిగితే, బిల్డ్‌కు తొందరపడకూడదు.

సీనియర్ రన్నర్: సెప్టెంబరు ఉక్కపోతలో గుండె వేగం ఎవరికైనా పెరుగుతుంది. ఆ పెరుగుదల వాతావరణానిదో, బేస్ లోపానిదో ఎలా చెబుతారు?

కోచ్: ఒక్క పరుగుతో చెప్పలేను. సూర్యోదయానికి ముందే, అదే దారిలో, అదే వేగంతో రెండు మూడు వారాల వ్యవధిలో మళ్లీ చేస్తే తేడా కొంత కనిపిస్తుంది, అయినా ఉక్కపోత ప్రభావాన్ని పూర్తిగా వేరు చేయలేం.

సీనియర్ రన్నర్: అలాంటప్పుడు నేను మూడు వారాల బేస్‌తో సరిపెట్టి, మిగిలిన రెండు వారాలను లాంగ్ రన్‌లు పెంచడానికి బిల్డ్‌కు కలుపుతాను.

కోచ్: ఆ లాంగ్ రన్‌లు నిదానంగా సాగినంత కాలం నాకు అభ్యంతరం లేదు, అయితే వాటి మరుసటి రోజున వేగంగా నిలకడగా సాగే టెంపో పరుగు పెట్టకండి.