తొమ్మిదో మెసేజ్‌కు గొంతు లేదు

ఫోన్ గోల పెడుతోందని ప్రజలు చాలాకాలంగా మొరపెట్టుకుంటున్నారు. ఆ మొర పైవాళ్ళకు చేరింది. 2024లో ఆండ్రాయిడ్ 15 పరీక్షా దశలో ఉన్నప్పుడే ఒక మందు తయారుచేసి చూశారు, ఆండ్రాయిడ్ 16 నాటికి పిక్సెల్ ఫోన్లకు పట్టించారు. మందు పేరు Notification cooldown. తక్కువ వ్యవధిలో నోటిఫికేషన్లు గుంపుగా వచ్చిపడితే ఫోన్ వాటి శబ్దాన్ని తానే తగ్గించేస్తుంది, తెర మీద ఎగిరిపడే పెట్టెలనూ తగ్గిస్తుంది. ఇదంతా మహా అయితే ఒకటి రెండు నిమిషాలే. ఆ తర్వాత యథాప్రకారం మోగుతుంది. మధ్యలో వచ్చినవి ఎక్కడికీ పోవు. తెర పైనుంచి కిందికి లాగితే అక్కడే ఉంటాయి.

ఇంతవరకు ఆక్షేపించడానికేమీ లేదు. నా పేచీ అంతా దాని న్యాయశాస్త్రంతోనే. ఎన్ని వచ్చాయో అది లెక్కపెడుతుంది గాని, ఏం వచ్చిందో చదవదు.

ఒక గ్రూపులో ఎవరిదో పుట్టినరోజు అనుకుందాం. తొలి శుభాకాంక్ష, అంటే ఒక కేకు బొమ్మ, నిండు గొంతుతో మోగుతుంది. మీరు చేతిలో పని వదిలి పరుగెత్తుకొచ్చి కేకు చూస్తారు. రెండోది, మూడోది, నాలుగోది వస్తుంటే ఫోన్‌కు విసుగొచ్చి గొంతు తగ్గిస్తుంది. సరిగ్గా అప్పుడే అదే గ్రూపులో ఎవరో 'రేపటి మీటింగ్ గంట ముందుకు జరిగింది' అని రాస్తారు. వరుసలో అది తొమ్మిదోది. దానికి దక్కేది గుసగుస. కేకుకు నగారా, మీటింగుకు మౌనం! ముందొచ్చిన వాడిదే మైకు అన్న ఈ సూత్రం మన సభల్లో ఏనాటి నుంచో అమల్లో ఉంది కాబట్టి కొత్తగా ఆశ్చర్యపోనక్కర్లేదు.

కొందరికి మాత్రం ఈ చట్టం వర్తించదు. కాల్స్, అలారాలు, Priority హోదా పొందిన సంభాషణలు ఎంత రద్దీలోనైనా పూర్తి శబ్దంతోనే వస్తాయి. ఆ హోదా ఇవ్వడానికి సిఫారసు ఉత్తరాలు అక్కర్లేదు. ఆ మనిషి నుంచి మెసేజ్ వచ్చినప్పుడు నోటిఫికేషన్‌ను కాసేపు నొక్కిపట్టండి, వచ్చే వరుసలో Priority ఎంచుకోండి. ఇంట్లో వాళ్ళకు, మీ మీద అధికారం ఉన్నవాళ్ళకు ఇస్తే చాలు. అందరికీ ఇచ్చేస్తే హోదా ఉండీ లేనట్టే. మొహమాటానికి పోయి ఆ పుట్టినరోజు గ్రూపుకే ఇచ్చారో, ఇక మీ ఖర్మ.

హోదా దక్కేది సంభాషణలకే, అంటే చాటింగ్ యాప్‌లలో మనుషులు పంపేవాటికే. ఆఫీసు సర్వర్ పడిపోతే వరుసగా హెచ్చరికలు పంపే యాప్ మీ ఫోన్‌లో ఉందనుకోండి. అది ఒకదాని వెంట ఒకటి పదిహేను పంపితే ఫోన్ దాన్ని వాగుడుకాయగా జమకట్టి గొంతు నొక్కేస్తుంది. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళకు ఇది వేళాకోళం కాదు, అసలైన టెన్షన్. అలాంటివాళ్ళు మొత్తం ఆపేయడమే మేలు. Settings లో Notifications, అందులో Notification cooldown. అక్కడున్న స్విచ్ ఆఫ్ చేస్తే సరి. కంపెనీని బట్టి అది ఇంకో మూల ఉండొచ్చు కాబట్టి, Settings పైన వెతికే చోట cooldown అని టైప్ చేయడం సులువు. ఏమీ రాకపోతే మీ ఫోన్‌కు ఇంకా ఈ జ్ఞానం అబ్బలేదన్నమాట.

ఆఫ్ చేసే ముందు నేరం దీనిదేనా అని విచారించండి, పాపం. గుర్తు తేలిక. కాసేపు నిశ్శబ్దంగా ఉన్నాక వచ్చిన తొలి మెసేజ్ గట్టిగా మోగి, వెంటవెంటనే వచ్చినవి తగ్గుతూ పోతే ముద్దాయి ఇదే. తొలిదే మోగకపోతే దీనికి సంబంధం లేదు. Do Not Disturb ఆన్‌లో ఉందేమో, ఆ యాప్‌ను ఎప్పుడో కోపంలో Silent లో పెట్టారేమో, నోటిఫికేషన్ వాల్యూమే అడుగంటిందేమో చూడండి. చాలామంది ఇక్కడే పొరబడి వాల్యూమ్ పెంచేస్తారు. రెండు నిమిషాలయ్యాక, పెంచిన ఆ వాల్యూమ్‌తో, అందరూ మౌనంగా కూర్చున్న గదిలో, ఇంకో కేకు వస్తుంది.

ఇక ఆ గ్రూపు సంగతంటారా, దాన్ని చాటింగ్ యాప్‌లోనే మ్యూట్ చేసుకోవచ్చు. మీరు మ్యూట్ చేశారని మిగతా సభ్యులకు తెలియదు, మీరు శుభాకాంక్షలు చెప్పలేదని మాత్రం తప్పకుండా తెలుస్తుంది.